ఫ్రెంచ్ విప్లవం: లెఫెవ్ర్ సాక్ష్యమా, కాబన్ లెక్కా?

నల్గొండలో ఎంఏ హిస్టరీ చదువుతున్నాను. 1789 దగ్గర ఆగిపోయాను, తెలిసినవారు చెప్పండి.

ఎదుగుతున్న బూర్జువా వర్గం అధికారం అందుకోవడమే విప్లవమని చరిత్రకారుడు జార్జ్ లెఫెవ్ర్ అంటారు. ఉత్తర ఫ్రాన్స్ పల్లెల భూమి, పన్నుల రికార్డులు ఆయన బలం. మరో చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ కాబన్ మాత్రం 1789 సభలో సామాన్యుల తరఫున కూర్చున్న మూడో ఎస్టేట్ ప్రతినిధుల జాబితా లెక్కపెట్టారు: వ్యాపారులు, పరిశ్రమల యజమానులు సుమారు 13 శాతమే, ప్రభుత్వ పదవుల్లో ఉన్నవాళ్లు 43 శాతం. అందుకే అది పెట్టుబడిదారుల విప్లవం కాదంటారు.

కానీ సభలో ఎవరు కూర్చున్నారో చూస్తే, విప్లవం ఎవరికి మేలు చేసిందో తెలుస్తుందా? మా జిల్లా సాయుధ పోరాటాన్ని నడిపిన రావి నారాయణరెడ్డి గారిది భూములున్న కుటుంబమే, పోరాటం మాత్రం దొరల మీద. పైగా రైతుల విషయంలో కాబన్ కూడా లెఫెవ్ర్ సేకరించిన వివరాలనే వాడుకున్నారు. ఒకే సాక్ష్యం రెండు వైపులకీ ఎలా పనిచేస్తుంది? జవాబులో ఈ ఇద్దరినీ ఎక్కడ విడదీయాలి?