అప్‌డేట్: జీఎస్టీ వెబినార్ సమ్మరీ పంపేశాను

నా ప్రశ్న: గంటన్నర జీఎస్టీ వెబినార్ ట్రాన్స్‌క్రిప్ట్‌లోంచి మా వెండర్ బిల్లులు చూసే అక్కకి పనికొచ్చేవి మాత్రమే ఎలా తీయాలి?

అందరికీ థ్యాంక్స్ అండీ. ముందు అక్కనే అడిగా, బిల్లు వచ్చాక నువ్వు ఏమేం నిర్ణయించాలి అని. రెండే చెప్పింది: జీఎస్టీ పోర్టల్‌లో సప్లయర్ల బిల్లులు కనిపించే IMSలో బిల్లు యాక్సెప్ట్ చేయాలా, రిజెక్టా, పెండింగా, ఇంకోటి కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకి తీసుకున్న క్రెడిట్ ఎప్పుడు వెనక్కి ఇవ్వాలి. ఆ రెండిటికీ సంబంధం లేని సేల్స్ సైడ్ అంతా తీసేశా. 'క్రెడిట్' అని సెర్చ్ కొడితే సగమే దొరికింది, అసలు విషయం చివర్లో క్వశ్చన్ ఆన్సర్స్‌లో ఉంది, అక్కడ స్పీకర్ ఆ మాట వాడకుండా "అది వెనక్కి కట్టేయాలి" అని చెప్పుకుంటూ పోయారు, కాబట్టి ఆ భాగం మాత్రం పూర్తిగా చదవాల్సిందే.

అంకెల దగ్గర జాగ్రత్త. సప్లయర్‌కి డబ్బు కట్టే గడువు ట్రాన్స్‌క్రిప్ట్‌లో 118 రోజులని పడింది, ఆ నిమిషం దగ్గర ఆడియో వింటే 180. జీఎస్టీ రూల్ 37లోనూ అంతే, ఇన్వాయిస్ తేదీ నుంచి లెక్క. అందుకే ప్రతి పాయింట్ పక్కన నిమిషం రాశా.

అక్కకి పంపింది ఇలా ఉంది: "బిల్లు మీద ఏమీ నొక్కకపోతే యాక్సెప్ట్ చేసినట్టే లెక్క, సరుకు రాకపోతే పెండింగ్ పెట్టు. 180 రోజుల్లో కట్టకపోతే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కి, కట్టాక మళ్ళీ తీసుకోవచ్చు." స్పీకర్ సొంత సలహాలని 'అభిప్రాయం' అని విడిగా పెట్టా, అవి రూల్ అనుకుంటే కష్టం. అక్క తిరిగి ఒకటే అడిగింది, సగం కడితే ఎలా అని. కట్టని భాగానికి తగ్గ క్రెడిట్టే వెనక్కి ఇవ్వాలి, అది కూడా కలిపేశా.