"సిదాంగ్ సింగపూర్‌లో" అని ఉంటే సీట్ సింగపూర్ అని రాసేయొచ్చా?

సుధ_జకార్తా
ముడి పామాయిల్ సప్లై కాంట్రాక్ట్. అమ్మేది ఇండోనేసియా కంపెనీ, కొనేది కాకినాడలో రిఫైనరీ ఉన్న మా కంపెనీ. ఇండోనేసియా ప్రతి మీద సంతకాలు అయిపోయాయి, ఇంగ్లిష్ ప్రతి నేను తయారు చేయాలి. 18వ క్లాజులో "సిదాంగ్ అర్బిత్రాసె దిలక్సానకన్ ది సింగపుర" అని ఉంది, అంటే ఆర్బిట్రేషన్ సిదాంగ్ సింగపూర్‌లో జరుగుతుందని. సీట్ గురించి, అంటే ఆర్బిట్రేషన్ చట్టపరంగా ఏ దేశానికి చెందుతుందన్న దాని గురించి, వేరే మాట ఎక్కడా లేదు. మా మేనేజర్ "సీట్ సింగపూర్ అని రాసెయ్, అందరికీ క్లియర్‌గా ఉంటుంది" అంటున్నారు. రాయొచ్చా? క్లాజులో మిగతావి: కేసు ఇండోనేసియా ఆర్బిట్రేషన్ సంస్థ బానికి వెళ్లాలి, కాంట్రాక్ట్‌కు ఇండోనేసియా చట్టం వర్తిస్తుంది, రెండు ప్రతుల మధ్య తేడా వస్తే ఇండోనేసియా ప్రతే చెల్లుతుంది, దక్షిణ జకార్తా కోర్టులో "దోమిసిలి".

అడ్వకేట్_నాంపల్లి
నిస్సందేహంగా రాయండి. 2019లో బీజీఎస్ ఎస్‌జీఎస్ సోమా కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఒక ఊరిని ఆర్బిట్రేషన్ జరిగే చోటుగా పేర్కొని, దానికి విరుద్ధంగా ఇంకేదీ లేకపోతే ఆ ఊరే సీట్. ఇక్కడ ఇంకో ఊరు లేదు కదా. మీ మేనేజర్ చెప్పిందే కరెక్ట్.

రామం_సింగపూర్
వకీలుగారూ, మీరు చెప్పిన తీర్పు నిజమే, కానీ అది మన దేశపు కోర్టు మన దేశపు కాంట్రాక్ట్‌ను చదివిన తీరు. ఇక్కడ చట్టం ఇండోనేసియాది, సంస్థ బాని. ఈ ప్రశ్న రేపు లేస్తే ముందు చూసేది జకార్తా కోర్టో సింగపూర్ కోర్టో అవుతుంది గానీ హైదరాబాద్ కాదు. పైగా "విరుద్ధంగా ఇంకేదీ లేదు" అని మీరెలా అన్నారు? బాని ఉంది, ఇండోనేసియా చట్టం ఉంది, జకార్తా కోర్టులో దోమిసిలి ఉంది. ఇవన్నీ సీట్ జకార్తాయే అని వాదించేవాళ్లకు ఆసరాలే.

సింగపూర్ కోర్టు దగ్గర దీనికి చాలా దగ్గరి కేసు ఒకటుంది, గరుడ ఇండోనేసియాకూ బిర్గెన్ ఎయిర్‌కూ మధ్య విమానాల లీజు తగాదా. ఒప్పందం ప్రకారం సీట్ జకార్తా. విచారణ మాత్రం సింగపూర్‌లో జరిగింది. తీర్పు వచ్చాక గరుడ దాన్ని సింగపూర్ కోర్టులో కొట్టేయించబోయింది. 2002లో అక్కడి అప్పీల్ కోర్టు, విచారణ ఎక్కడ కూర్చుని జరిపినా సీట్ మారదు, కాబట్టి దీన్ని కొట్టేసే అధికారం మాకు లేదు అంది.

సుధగారూ, సిదాంగ్ అంటే విచారణ, అంతే. ఇండోనేసియా 1999 నాటి ఆర్బిట్రేషన్ చట్టం, అంటే 30వ నంబరు చట్టం, 37వ అధికరణంలో వాడిన మాట "తెంపత్ అర్బిత్రాసె". మీ క్లాజులో ఆ మాట ఉండి ఉంటే "ప్లేస్" అనో "సీట్" అనో రాయడం గురించి వాదించుకోవచ్చు. లేదు కాబట్టి "హియరింగ్స్ షల్ బి హెల్డ్ ఇన్ సింగపూర్" అని రాయండి.

బొగ్గు_వైజాగ్
నాకూ ఇలాంటిదే తగిలింది. ఇండోనేసియా బొగ్గు గంగవరంలో దింపితే క్యాలరిఫిక్ వాల్యూ తక్కువ వచ్చింది. లోడింగ్ పోర్టు రిపోర్టే ఫైనల్ అని సప్లయర్ కూర్చున్నాడు. మీ కాంట్రాక్ట్‌లో శాంప్లింగ్ ఎక్కడో ముందు చూసుకోండి మేడమ్, ఆర్బిట్రేషన్ దాకా వెళ్తే సగం డబ్బు అక్కడే ఖర్చు.

సుధ_జకార్తా
శాంప్లింగ్ క్లాజు వేరే ఉందండీ, అందులో గొడవ లేదు. రామంగారూ, మేనేజర్‌గారి మాట ఏమిటంటే "ఏ సీట్ అయితే నీకేం, ఎలాగూ తీర్పు వస్తుంది కదా" అని. తేడా ఏమిటో ఆయనకు ఎలా చెప్పను?

రామం_సింగపూర్
గడువుతో చెప్పండి. టక్కున అర్థమవుతుంది.

రేపు మీరు గెలిచారనుకోండి, సప్లయర్ ఆస్తులు ఇండోనేసియాలో ఉన్నాయి. సీట్ జకార్తా అయితే అది ఆ దేశపు తీర్పు. అక్కడి ఆర్బిట్రేషన్ చట్టం 59వ అధికరణం ప్రకారం తీర్పు ఇచ్చిన 30 రోజుల్లోపు జిల్లా కోర్టులో నమోదు కావాలి. కాకపోతే ఆ తీర్పును అక్కడ అమలు చేయించుకోలేరు. సీట్ సింగపూర్ అయితే అది విదేశీ తీర్పు. అది మధ్య జకార్తా జిల్లా కోర్టుకు వెళ్తుంది, అక్కడ ఈ 30 రోజుల గడువు ఉండదు. మీ ఇంగ్లిష్ ప్రతిలో "సీట్ సింగపూర్" అని చూసిన కాకినాడ లాయర్ తీరిగ్గా ఫైలు కట్టుకుంటూ కూర్చుంటాడు. అవతలివాళ్లు నెల దాటాక ఇండోనేసియా ప్రతి తీసి, ఇందులో ఉన్నది సిదాంగ్ మాత్రమే, చెల్లేది ఈ ప్రతే అంటారు. అప్పుడు మీ అనువాదం మోసం చేసేది మీవాళ్లనే.

అడ్వకేట్_నాంపల్లి
ఒప్పుకుంటాను, ప్రమాదం ఉంది. కానీ బాని ఇండోనేసియా సంస్థ అయినంత మాత్రాన తీర్పు ఇండోనేసియాదే అవుతుందా? సింగపూర్‌లో ఇస్తే?

రామం_సింగపూర్
అది నిజంగానే తేలని చోటు. విదేశీ తీర్పుకు ఆ చట్టం ఇచ్చే నిర్వచనం ఇండోనేసియా పరిధికి బయట వచ్చిందా అన్న దాని మీద నడుస్తుంది. ఇండోనేసియా సంస్థ సింగపూర్‌లో కూర్చుని ఇస్తే దాన్ని ఎటు లాగాలన్నది వాదించేవాడి సత్తా. తేలని విషయాన్ని అనువాదంలో తేల్చేయకూడదనే నా గోల.

తర్జుమా_పద్మ
నేను తొమ్మిదేళ్లుగా జకార్తాలో ఇదే పని చేస్తున్నాను. సీట్ మీద అందరూ కొట్టుకుంటున్నారు గానీ నాకు ఎక్కువ భయం వేసేది దోమిసిలి లైను. మూలంలో బహుశా "మెమిలిహ్ దోమిసిలి హుకుమ్ యాంగ్ తెతప్ ది కెపనితెరాన్ పెంగదిలన్ నెగెరి జకార్తా సెలతన్" అని ఉంటుంది. అక్కడి కాంట్రాక్టుల్లో అలవాటుగా అతికించే వాక్యం అది. దక్షిణ జకార్తా జిల్లా కోర్టు రిజిస్ట్రీ దగ్గర శాశ్వత న్యాయ చిరునామా ఎంచుకున్నాం, అని అర్థం. దాన్ని చాలామంది "ఎక్స్‌క్లూజివ్ జ్యూరిస్‌డిక్షన్" అని మారుస్తారు. అలా రాస్తే ఇంగ్లిష్ ప్రతిలో పైన ఆర్బిట్రేషన్, కింద కోర్టు అధికారం, రెండూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. మూలంలో లేని గొడవ మీరు పుట్టించినట్టవుతుంది. ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉన్న తగాదాలో జిల్లా కోర్టుకు అధికారం లేదని అదే చట్టం 3వ అధికరణం చెబుతోంది. "లీగల్ డొమిసైల్ ఎట్ ది రిజిస్ట్రీ" అని ఉన్నదున్నట్టు రాయండి.

అడ్వకేట్_నాంపల్లి
ఇంగ్లిష్‌లో రాసుకున్న ఒప్పందాలనే ఇండోనేసియా కోర్టులు రద్దు చేశాయని విన్నాను. మరి ఈ ఇంగ్లిష్ ప్రతి దేనికి?

తర్జుమా_పద్మ
మీరు విన్న కేసు నైన్ ఏఎం అనే కంపెనీ అప్పు ఒప్పందానిది. అది ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంది, ఇండోనేసియా ప్రతే లేదు. 2009 నాటి భాషా చట్టం, 31వ అధికరణం కింద కొట్టేశారు, 2015లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. తర్వాత 2023లో అక్కడి సుప్రీంకోర్టు సర్క్యులర్ ఇచ్చి, దురుద్దేశం రుజువైతే తప్ప ఇండోనేసియా ప్రతి లేదన్న ఒక్క కారణంతో రద్దు చేయొద్దంది. సుధ దగ్గర ఇండోనేసియా ప్రతి ఉంది కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు.

కానీ సుధా, ఒకటి చూసుకో. "తేడా వస్తే ఇండోనేసియా ప్రతే" అన్నది కాంట్రాక్ట్ భాష గురించి. విచారణ ఏ భాషలో జరగాలన్నది వేరే విషయం. దాని గురించి మీ క్లాజులో ఏమీ లేకపోతే ఆర్బిట్రేషన్ చట్టం 28వ అధికరణం ప్రకారం ఇండోనేసియా భాషే. వేరే భాష కావాలంటే రెండు పక్షాలూ కోరుకోవాలి, ఆర్బిట్రేటర్లూ సరే అనాలి. సింగపూర్ అనగానే ఇంగ్లిష్‌లో నడుస్తుందని కాకినాడ ఆఫీసు అనుకుంటుంది. ఆ మాట కవరింగ్ మెయిల్‌లో రాయి.

సుధ_జకార్తా
క్లాజులో భాష గురించి నిజంగానే ఏమీ లేదు పద్మగారూ. హియరింగ్స్ అనే రాస్తాను, దోమిసిలి మీరు చెప్పినట్టే. సీట్ చెప్పలేదన్న నోట్ పేజీ అడుగున పెడదామంటే మేనేజర్ "నోట్స్ వద్దు, క్లీన్ కాపీ కావాలి" అంటున్నారు.

రామం_సింగపూర్
నోట్ క్లాజులోకి రానివ్వకండి, అది అడుగునే ఉండాలి. సీట్ సింగపూరే కావాలని ఇద్దరూ అనుకుంటే ఇండోనేసియా భాషలో చిన్న అడెండం రాసి సంతకాలు పెట్టించమనండి. "తెంపత్ కెదుదుకన్ అర్బిత్రాసె అదలహ్ సింగపుర", అంటే ఆర్బిట్రేషన్ సీట్ సింగపూర్ అని, ఒక్క లైను. అందులోనే విచారణ భాష కూడా.

అడ్వకేట్_నాంపల్లి
అడెండం ఐడియా బాగుంది. అయితే బాని వాళ్ల సంగతి కూడా అందులోనే తేల్చుకోండి. 2016లో చీలికొచ్చి ఆ పేరుతో రెండు సంస్థలు తయారయ్యాయి. ఏది అన్నది మీ క్లాజులో ఉందా?

సుధ_జకార్తా
లేదండీ. బాని అని మాత్రమే ఉంది.