అప్‌డేట్: ఫైబర్ కనెక్షన్ తరచూ తెగిపోవడానికి కారణం దొరికింది

నా ప్రశ్న: “100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో వేగం 20 దాటడం లేదు, రోజుకు నాలుగైదు సార్లు కనెక్షన్ పోతోంది. రూటర్ మార్చాలా?”

సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. రూటర్ మార్చనవసరం లేకపోయింది. ల్యాన్ కేబుల్‌తో కొలిచినా వేగం 18, 22 మధ్యే ఉండటంతో వైఫై చానెల్‌కు దీనితో సంబంధం లేదని తేలింది. కనెక్షన్ పోయినప్పుడు మోడెంపై, ఫైబర్ సిగ్నల్ అందడం లేదని తెలిపే LOS దీపం ఎర్రగా వెలుగుతోందేమో చూడమన్న సలహాయే దారి చూపింది. అది ప్రతిసారీ వెలిగింది. మోడెం సెట్టింగ్స్ పేజీలో, లోపలికి అందుతున్న కాంతి బలం -29 డీబీఎం అని కనిపించింది. ఈ రకం మోడెంలకు అది సాధారణంగా -27 కంటే తగ్గకూడదు.

మొదటి రెండు ఫిర్యాదులను, ఎవరూ ఇంటికి రాకుండానే, పరిష్కరించినట్లు చూపి మూసేశారు. మూడోసారి అంతరాయాల తేదీలు, సమయాలతో పాటు ఆ రీడింగ్ ఫొటోను జతచేసి పంపాక మర్నాడే టెక్నీషియన్ వచ్చారు. బీరువా వెనుక నలిగి మడతపడిన ఫైబర్ తీగను (బీరువా జరిపింది నేనే!) మార్చి, కనెక్టర్‌ను శుభ్రం చేయగానే రీడింగ్ -20కి వచ్చింది. పది రోజులుగా కేబుల్‌పై 94 ఎంబీపీఎస్ వస్తోంది, ఒక్క అంతరాయమూ లేదు. రాత్రి 9 తర్వాత మాత్రం వేగం 80 వరకు తగ్గుతోంది. అప్పుడు కూడా కాంతి రీడింగ్ మారడం లేదు కనుక అది రద్దీ వల్లే కావచ్చు.