నెపమెన్నకా, నెపమెంచకా? (కొట్టు వార్షికోత్సవం రాతకి)

పచారీ కొట్టాయన (పాలకొల్లు పక్క ఊరు): అందరికీ నమస్కారమండి. వచ్చే గురువారానికి మా కొట్టు పెట్టి ఏడాది. గుమ్మం దగ్గర చిన్న ఫ్లెక్సీ కట్టి, అదే వాట్సాప్ స్టేటస్‌లోనూ పెడదామని రాసుకున్నాను. పైన ‘ఉపకారికి నుపకారము విపరీతము గాదు సేయ’ అని మొదలుపెట్టాను. చివరి పాదం గుర్తు రావట్లేదు. ‘నెపమెన్నక’ అనా, ‘నెపమెంచక’ అనా? కింద వచనం ఇది: ‘మీకు సదా రుణపడి ఉంటాం. ఇకముందు కూడా ఇలాగే ఆదరిస్తారని ఆశిస్తూ...’

తెలుగు మాస్టారు, రిటైర్డ్: ఎన్నక. ‘నెపమెన్నక సేయువాడు నేర్పరి సుమతీ’. నాలుగో తరగతి నుంచి నా నోట్లో ఉన్న పద్యం.

తణుకు కుర్రాడు: అవునండి, ‘ఎంచక’ అంటే కందంలో గణం చెడుతుంది కదా.

తెలుగు మాస్టారు, రిటైర్డ్: చెడదు నాయనా. ‘నెపమెన్’ అన్నా ‘నెపమెం’ అన్నా రెండు లఘువులూ ఒక గురువే. ప్రాస రెండో అక్షరం ప మీద ఉంది, యతి నె-నేలకి పడింది. ఆ రెండూ ఎటూ కదలవు. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. నేను చెప్పేది పాఠాన్ని బట్టి.

రాజోలు ఆవిడ: మా తాతగారు ఎంచకే అనేవారు. ఆయనా పంతులే!

తణుకు కుర్రాడు: సరే, గణం మాట వెనక్కి తీసుకుంటాను. కానీ వేమన ఏమన్నాడు? ‘తప్పులెన్నువారు తండోపతండంబు’. తప్పుకి ఎన్నడమే జోడీ. ఎంచడం మంచికి వాడతాం, ‘ఎంచి చూస్తే’ అన్నట్టు.

తెలుగు మాస్టారు, రిటైర్డ్: ‘తప్పులెంచకు’ అని మీ ఇంట్లో ఎవరూ అనరా? రెండు క్రియలకీ లెక్కపెట్టడమనే అర్థం ఉంది, రెండూ నిందలోకీ జారాయి. ఎన్నిక కూడా ఆ ఎన్ను నుంచి వచ్చిందే. వేమన సంగతి ఎత్తావు కాబట్టి, బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించేటప్పటికి ఒకే పద్యం నాలుగు ప్రతుల్లో నాలుగు రకాలుగా ఉండేది. నోటి మీద బతికిన పద్యానికి ఒకే పాఠం ఉండాలనుకోవడమే మన తొందర.

రాజోలు ఆవిడ: అదేనండి, ఇప్పుడు మా తాతగారి దారికొచ్చారు.

తెలుగు మాస్టారు, రిటైర్డ్: రాలేదు. సుమతికి ఎన్నకే.

జాకెట్లు కుట్టే భీమవరం అక్క: నేనూ మొదటి ఏడాది నిండినప్పుడు ఇలాగే ‘ఆదరిస్తారని ఆశిస్తూ’ అని పెట్టాను. కింద వచ్చిన మొదటి మాట ‘అక్కా, డిస్కౌంట్ ఎంత?’ రెండోది కూడా అదే. థాంక్స్ చెప్పానని ఒక్కరూ అనుకోలేదు, ఏదో ఆఫర్ పెట్టానని చూశారు. ఆశిస్తూ అన్నాక చెయ్యి చాచినట్టే కదా. అయినా ఎన్నకా ఎంచకా అని ఇంతసేపా? మా వీధిలో ఈ పద్యం ఆఖరిదాకా వచ్చినవాళ్ళు ఇద్దరుంటారేమో.

కాలవగట్టు పెద్దాయన: ఆ ఇద్దరితోనే ఇబ్బందమ్మా. కొట్టాయన రెండు పాదాలే రాసినా, చదివిన మనిషి మిగతా రెండూ లోపల పూర్తి చేసుకుంటాడు. ‘అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు’ అని. కొట్లో అరువు ఉంటుందా బాబూ?

పచారీ కొట్టాయన: ఉంటుందండి. పుస్తకంలో ఓ పదిమందికి ఉంది. ఇద్దరు మూడు నెలలుగా ఇటు రావట్లేదు, అటు వీధిలోంచి తిరిగి పోతున్నారు.

కాలవగట్టు పెద్దాయన: వాళ్ళు ఆ ఫ్లెక్సీ చూస్తే ఏమనుకుంటారు? అపకారి అంటే తామేనని, నెపమెన్నక ఊరుకున్నానని నువ్వు బజార్లో చెబుతున్నావని. దణ్ణం పెట్టబోయి వేలు చూపించినట్టవుతుంది. ‘రుణపడి ఉంటాం’ కూడా అంతే. అప్పు పుస్తకం ఉన్న కొట్లో రుణం అనే మాట మామూలు మాట కాదు. నీ రుణం మాట చదివి వాళ్ళ రుణం గుర్తు చేసుకుంటారు.

తణుకు కుర్రాడు: ఇంకోటుంది బాబాయ్. ‘విపరీతము గాదు’ అంటే పద్యంలో వింత కాదు, అసాధారణం కాదు అని. ఈ రోజుల్లో విపరీతం అంటే అతిగా అని. ‘ఉపకారం విపరీతం కాదు’ అని చదివితే ‘మీరు చేసిన సాయం అంత ఎక్కువేం కాదులెండి’ అన్నట్టు వినపడుతుంది!

తెలుగు మాస్టారు, రిటైర్డ్: ఇది మాత్రం బాగా పట్టావు. గణం కంటే నయం.

పచారీ కొట్టాయన: అయితే పద్యం తీసేస్తాను. మరి ఏం రాయాలండి? ధన్యవాదాలు అని ఒక్క ముక్క పెడితే బ్యాంకు మెసేజిలా ఉంటుంది.

కాలవగట్టు పెద్దాయన: ఈ ఏడాదిలో నీ తప్పు ఎక్కడ జరిగింది, ఎవరు కాచారు? అది చెప్పు.

పచారీ కొట్టాయన: మొదటి వారం కాటా తేడా చూపించిందండి. కిలోకి ఇరవై గ్రాములు తగ్గుతోందని ఒక పెద్దాయన వచ్చి చెవిలో చెప్పారు, నలుగురిలో అనలేదు. వానల్లో రోడ్డు మునిగితే మూడు రోజులు సరుకు ఆటో రాలేదు, కుర్రాళ్ళు ట్రాక్టరు మీద వేసుకొచ్చారు. బడిపిల్ల ఒకత్తి నేను ఎక్కువిచ్చిన వంద వెనక్కి తెచ్చింది.

జాకెట్లు కుట్టే భీమవరం అక్క: ఇదే రాయండి! పేర్లొద్దు. ఒక పేరు రాస్తే పక్కింటావిడకి కోపం. చేసిన పని రాస్తే చేసినవాళ్ళకి తెలిసిపోతుంది, మిగతావాళ్ళు ఎవరా అని అడుగుతారు.

రాజోలు ఆవిడ: కాటా సంగతి రాస్తే తూకంలో మోసం చేసేవాడంటారేమో?

కాలవగట్టు పెద్దాయన: అదే రోజు సరిచేశాడని కూడా రాస్తే అనరు. సరిచేశావా?

పచారీ కొట్టాయన: సాయంత్రానికల్లా మార్పించానండి. ముందురోజు కొన్నవాళ్ళకి తలా కొంచెం బెల్లం కూడా ఇచ్చాను.

కాలవగట్టు పెద్దాయన: బెల్లం సంగతి రాయకు. మంచి చేశానని నువ్వే చెప్పుకుంటే దణ్ణం మళ్ళీ నీ వైపుకే తిరుగుతుంది.

పచారీ కొట్టాయన: ఇలా రాశానండి, చూడండి: ‘కొట్టు తెరిచి నేటికి ఏడాది. కాటాలో తేడా ఉందని నా చెవిలో చెప్పి, ఆ సాయంత్రమే నాచేత సరిచేయించిన పెద్దాయనకి, రోడ్డు మునిగినప్పుడు సరుకు ట్రాక్టరు మీద తెచ్చిన కుర్రాళ్ళకి, ఎక్కువిచ్చిన వంద తిరిగి తెచ్చిన చిన్నమ్మాయికి, రోజూ పొద్దున్నే బోణీ చేసేవాళ్ళకి నమస్కారం.’ ఇంతే. ఆదరణ మాట లేదు, ఆశించడం లేదు.

తణుకు కుర్రాడు: ‘ప్రథమ వార్షికోత్సవం’ అని పైన పెద్దక్షరాలు లేకపోతే ఎందుకు కట్టారో తెలుస్తుందా?

జాకెట్లు కుట్టే భీమవరం అక్క: ‘నేటికి ఏడాది’ అని ఉంది కదా తమ్ముడూ. ఉత్సవం అంటే పొంగడాలు పెడతారని వస్తారు.

రాజోలు ఆవిడ: బోణీ అన్నది చాలా బాగుంది. అయితే మా వైపు ‘బోణీ బేరం’ అంటాం. బోణీ అంటే ఆ అమ్మకం కదా, మరి మనిషి ‘బోణీ చేసేవాడు’ అవుతాడా?

తెలుగు మాస్టారు, రిటైర్డ్: అవుతాడు. ‘మీ చేత్తో బోణీ చెయ్యండి’ అని కొట్టువాళ్ళు అడగరూ? ఆ మాట ఉండనివ్వు బాబూ, మార్చకు.

పచారీ కొట్టాయన: ఉంచేశానండి. ఫ్లెక్సీ కుర్రాడికి పంపించాను కూడా.

రాజోలు ఆవిడ: మా అటక మీద తాతగారి పాత శతకాల పుస్తకం దొరికింది మాస్టారూ. ఆ పేజీ చెదలు తినేసింది. ‘నెపమె’ వరకే మిగిలింది.

తెలుగు మాస్టారు, రిటైర్డ్: చెదలకి కూడా ఎన్నకే నచ్చి ఉంటుంది.