పంటల అంకెలు డిజైన్ డాక్యుమెంట్‌లో రాయాలా, వద్దా?

నారుమడి: మేం ఇద్దరమే. నేను కోడ్, తను బొమ్మలు. నింపాదిగా ఆడుకునే చిన్న వ్యవసాయం గేమ్: 12 పంటలు, 28 రోజుల సీజన్. విత్తనం ధర, అమ్మకం ధర, రోజులు డాక్యుమెంట్‌లోనే పెట్టాలా? మా ఇద్దరికీ మాట కుదరడం లేదు.

గట్టుమీద: పెట్టాలి. లేకపోతే రెండు నెలలకు ఎవరి గుర్తు వాళ్లదే. లాభాన్ని రోజులతో భాగించి పట్టిక వేస్తే, ఏ పంట మిగతావాటిని మింగేస్తోందో అక్కడే తెలిసిపోతుంది.

కొడవలి: రాసిపెట్టాలన్నది నిజమే, చోటు అది కాదు. ధరలు మారుతూనే ఉంటాయి. మీరు మార్చేది గేమ్ చదివే ఫైల్‌ని, డాక్యుమెంట్ పాత అంకెలతో మిగిలిపోతుంది. అంకెలు ఆ ఫైల్‌లోనే ఉంచండి, ఇలా:

```
id,seed,sell,grow,regrow
mullangi,20,35,4,0
vankaya,80,40,8,4
```

రోజు లాభం లెక్క కూడా సగమే చెబుతుంది. 1వ రోజు నాటిన వంకాయ 9, 13, 17, 21, 25 తేదీల్లో కోతకొస్తుంది. 200 వచ్చి, 120 మిగులుతుంది. కోసిన రోజే మళ్లీ నాటుతూ పోతే ముల్లంగికి ఆరు కోతలు, 90. బాగానే ఉంది కదా? అదే 15వ రోజు మొదలుపెడితే ముల్లంగికి 45, వంకాయకు రెండే కోతలు, మిగిలేది సున్నా. రెండు వారాలు నీళ్లు పోసినవాళ్లకు ఏమీ దక్కదు.

డాక్యుమెంట్‌లో ఉండాల్సింది ఈ వాక్యం: “15వ రోజు ఏ పంట నాటినా ఎంతో కొంత మిగలాలి.” అది ఉంటే విత్తనం 80 నుంచి 60కి ఎందుకు దిగిందో రేపు ఎవరూ అడగక్కర్లేదు.

మునగచెట్టు: పబ్లిషర్‌కి పంపేటప్పుడు పట్టికలు తీసేయండి. ఆడించి చూపే చిన్న వీడియో చాలు.

నారుమడి: ఇది పంపడానికి కాదండీ, మా ఇద్దరికే.

రంగులడబ్బా: నేను బొమ్మల వైపు మనిషిని. ధరతో నాకు పని లేదు, పంటకు ఎన్ని దశలో కావాలి. మా గేమ్‌లో వంకాయకు విత్తనం, మొలక, మొక్క, పూత, కాయ అని ఐదు గీశాను. కోశాక మొక్క ఏ బొమ్మకు తిరిగెళ్లాలో ఎక్కడా రాయలేదు. కోడ్‌లో మొలకకు వెళ్లిపోయింది, కోసిన ప్రతిసారీ మొక్క కుంచించుకుపోయినట్టు కనిపించేది.

కొడవలి: ఒప్పుకుంటున్నా. దశల సంఖ్య, కోశాక తిరిగెళ్లే దశ డాక్యుమెంట్‌లోనే ఉండాలి. ధర మారిస్తే ఒక అంకె మారుతుంది, దశ మారిస్తే బొమ్మలు మళ్లీ గీయాలి.

గట్టుమీద: సరే, మీ వాక్యాన్ని చూసుకునేదెవరు? విత్తనం 60 చేసినా 17 నుంచి 20 లోపు నాటితే ఒక్క కోతే, 20 నష్టం. 21 నుంచి అసలు కాయదు.

కొడవలి: ధర మారినప్పుడల్లా నాటే రోజును 1 నుంచి 28 దాకా తిప్పి చూసే చిన్న స్క్రిప్ట్ పెట్టండి. 21 నుంచి నాటేవాటి సంగతి మాత్రం ధరలతో తీరదు. “ఈ సీజన్‌లో కాయదు” అని విత్తనాల కొట్టులోనే చెప్పాలంటాను.

రంగులడబ్బా: అది నాకు నచ్చదు. ఆలస్యంగా నాటితే కాయదని తెలుసుకోవడంలోనే సాగు ఉంది. కొట్టువాడు చెప్పేస్తే క్యాలెండర్ ఎవరు చూస్తారు?

నారుమడి: మేం గొడవపడుతున్నదీ సరిగ్గా ఇక్కడే. రెండు రకాలుగానూ ఆడించి చూస్తాం.