బీజీఎంఐకి 22 వేల ఫోన్: టచ్ అంకె చూడాలా, చిప్ చూడాలా, మన ఎండ చూడాలా?

కావలి_కుర్రోడు

బడ్జెట్ 22 వేలు, సాగదీస్తే 24. రోజూ రాత్రి రెండు గంటలు బీజీఎంఐ, నాలుగు వేళ్లతో. రూములో ఏసీ లేదు, ఫ్యానే. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపాయన పల్చటి ఫోన్ చూపించి "డైమెన్సిటీ 7300, 16 జీబీ ర్యామ్, 2000 హెర్ట్జ్ టచ్, గేమింగ్‌కి దీన్ని మించింది లేదు" అంటన్నాడు. అదే రేటుకి డైమెన్సిటీ 8300 ఉన్న పాత మోడల్ ఆన్‌లైన్ ఆఫర్లో కొత్తదే దొరుకుతోంది. కానీ అది వేడెక్కుద్దని రివ్యూల్లో చెప్తన్నారు. ఏది తీసుకోమంటారన్నా?

సింగరాయకొండ_స్నైపర్

నాలుగు వేళ్లంటే టచ్చే ముఖ్యం తమ్ముడూ. 120 మీద ఆడినోడు 240 మీదకి మారితే వేలికే తెలుస్తది. 2000 అంటే ఇంక చెప్పేదేముంది. పైగా 8300 ఫోన్లు 3డీమార్క్ స్ట్రెస్ టెస్టులో బాగా కిందకి జారతాయి, స్టెబిలిటీ అరవై డెబ్బై శాతం మధ్యే. 7300 అయితే 99 దగ్గర నిలబడుద్ది. వేడెక్కని ఫోనే గేమింగ్ ఫోన్. షాపాయన చెప్పింది కరెక్టే.

పెన్నా_గట్టు

స్నైపర్ అన్నా, 120 నుంచి 240కి తేడా తెలుస్తుందన్నది నిజం. మిగతాదే తేడా కొడుతోంది.

ముందు స్టెబిలిటీ సంగతి. ఆ Wild Life Extreme Stress Test ఒకే దృశ్యాన్ని వరసగా 20 సార్లు నడుపుతుంది, ఇరవై నిమిషాలు పడుతుంది. అన్నిటికంటే తక్కువ వచ్చిన స్కోరు, ఎక్కువ వచ్చిన స్కోరులో ఎంత శాతమో అదే స్టెబిలిటీ. లెక్క అర్థం కావడానికి ఇట్టా అనుకుందాం: చిన్న చిప్ 850తో మొదలై 840 దగ్గర ఆగింది, 99 శాతం. పెద్ద చిప్ 2800తో మొదలై 1800కి పడింది, 64 శాతం. శాతం చూస్తే మొదటిది గెలిచింది. కానీ బాగా అలసిపోయిన పెద్ద చిప్ కూడా చిన్నదానికి రెండింతలు పనిచేస్తోంది గదా. రివ్యూలో శాతం కాదు, చివరి నాలుగైదు రౌండ్ల స్కోరు చూడాలి.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. ఆ రివ్యూలు చేసేవాళ్లు ఎక్కువగా 25 డిగ్రీల ఏసీ గదిలో చేస్తారు. ఫోన్ వెనక భాగం సుమారు 43-45 డిగ్రీలకు చేరితే సాఫ్ట్‌వేరే చిప్ వేగాన్ని తగ్గిస్తుంది, మోడల్‌ని బట్టి కాస్త అటూఇటూ. అంటే వాళ్ల గదిలో గాలికీ ఫోన్ వీపుకీ మధ్య 19 డిగ్రీల తేడా ఉంది. మే నెలలో కావలిలో రాత్రి గది 34 ఉంటే ఆ తేడా పదే. వేడి బయటికి పోయేది ఆ తేడాని బట్టే కాబట్టి, అదే ఫోన్ మీ రూములో సగం వేడిని మాత్రమే వదలగలదు. మధ్యాహ్నం గది 38 ఉన్నప్పుడైతే మూడో వంతు.

వేపర్ ఛాంబర్ కూడా ఈ లెక్కని మార్చలేదు. చిప్ దగ్గర ఒకచోట పుట్టిన వేడిని వీపంతా పరవడం దాని పని. అక్కణ్ణుంచి గాలిలోకి పోవాల్సింది పోవాల్సిందే. పెట్టె మీద ఎన్ని చదరపు మిల్లీమీటర్లని రాసినా, వెనక మందపాటి రబ్బరు కేసు వేస్తే అదంతా దండగ.

అందుకే నేను 8300 వైపు. 7300లో గ్రాఫిక్స్ కోర్లు రెండు, 8300లో అదే రకం కోర్లు ఆరు. గేమ్‌ని 60 ఫ్రేములకి కట్టేస్తే ఆ ఆరూ తక్కువ వేగంలో, తక్కువ వోల్టేజీతో నడుస్తాయి. రెండు కోర్ల చిప్ అదే పనికి పూర్తి వేగంతో, ఎక్కువ వోల్టేజీతో నడవాలి. బరువైన బండిని ఆరెడ్లు నింపాదిగా లాగడానికీ, రెండెడ్లు రొప్పుకుంటూ లాగడానికీ ఉన్న తేడా అది. రివ్యూల్లో 8300 వేడెక్కేది దాన్ని పూర్తిగా తొక్కి పరీక్షిస్తారు కాబట్టి. నువ్వు స్మూత్ గ్రాఫిక్స్, ఎక్స్‌ట్రీమ్ ఫ్రేమ్ రేటు పెట్టుకుంటే అంత దాకా పోదు.

ఇక టచ్. 240 అంటే తెర నీ వేలిని 4.2 మిల్లీసెకన్లకోసారి చూస్తుంది, 480 అంటే 2.1కి. కలిసొచ్చేది రెండు మిల్లీసెకన్లు. వేడికి గేమ్ 60 నుంచి 40 ఫ్రేములకి పడితే ఒక్కో ఫ్రేమ్ 16.7 నుంచి 25 మిల్లీసెకన్లకి సాగుతుంది, అంటే పోయేది ఎనిమిది. 2000 లాంటి అంకెలు సాధారణంగా గేమ్ మోడ్‌లో, క్షణకాలానికి, చాలాసార్లు ఒక్క వేలికి కొలిచినవి. నువ్వు ఆడేది నాలుగు వేళ్లతో.

చీమకుర్తి_అక్క

మా వాడి ఫోన్లో కూడా 8+8 కలిపి 16 అని చూపిస్తుంది. అయినా ఫ్రీ ఫైర్ ఆడేటప్పుడు ఆగి ఆగి వస్తుంది అంటాడు. సెట్టింగ్స్‌లో ఇంకో 4 పెంచుకోవచ్చట. పెంచమంటారా? స్టోరేజీ 128లో 121 నిండిపోయింది.

పెన్నా_గట్టు

పెంచొద్దక్కా, ఉన్నది కూడా ఆపేసి ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయించండి. ఆ రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్న చోటు. దానివల్ల వెనక ఉన్న వాట్సాప్ మూసుకుపోకుండా ఉంటుందేమో గానీ గేమ్‌కి ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు. మీ వాడి ఫోన్లో అసలు ఇబ్బంది నిండిపోయిన స్టోరేజీయే అనుకుంటా. కొత్త మ్యాపు దించుకుని రాసుకోడానికి ఖాళీ జాగా లేకపోతే ఆగి ఆగే వస్తుంది. పాత వీడియోలు తీసేసి కనీసం 20 జీబీ ఖాళీ చేయండి. ఆ తర్వాత కూడా మొదటి పది నిమిషాలు బాగుండి ఆపైన ఆగుతుంటే అది వేడి. మొదటి నిమిషం నుంచే ఆగుతుంటే చిప్ చాలకపోవడం.

తమ్ముడూ, నీ షాపాయన 16 కూడా ఇదే కావచ్చు, అడిగి చూడు. నీకు అసలు 8 జీబీ చాలు. 12కి పెట్టే అదనపు డబ్బు పెద్ద చిప్ మీద పెట్టు. స్టోరేజీ మాత్రం యూఎఫ్‌ఎస్ 3.1 గానీ ఆపైది గానీ ఉండేట్టు చూసుకో. కొన్ని మోడళ్లలో 128 వేరియంట్‌కి పాత రకం వేసి 256కి మంచిది వేస్తారు, కాబట్టి నువ్వు కొనే వేరియంట్ పేరుతోనే స్పెసిఫికేషన్ చదువు.

కోవూరు_క్లచ్

మీరంతా కొత్త ఫోన్ల మధ్యే కొట్టుకుంటన్నారు. 22 వేలకి రెండేళ్లు వాడిన స్నాప్‌డ్రాగన్ 8 సిరీస్ ఫోన్ సెకండ్ హ్యాండ్‌లో వస్తది. ఏ 8 సిరీస్ అయినా ఈ మధ్యరకం చిప్‌ల కంటే మేలే. పేరు ముందు 8 ఉంటే చాలు, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

పెన్నా_గట్టు

కళ్లు మూసుకుంటేనే దెబ్బ తింటారన్నా. స్నాప్‌డ్రాగన్ 888, 8 జెన్ 1 రెండూ శాంసంగ్ ఫ్యాక్టరీలో తయారైనవి, వేడికి పేరుమోసినవి. మన గదుల్లో అవి పది పదిహేను నిమిషాల్లోనే చల్లబడలేక తిప్పలు పడతాయి. ఆ వెంటనే వచ్చిన 8 ప్లస్ జెన్ 1ని టీఎస్‌ఎంసీలో చేయించారు. డిజైను దాదాపు అదే, వేడి మాత్రం బాగా తగ్గింది. మధ్యలో ప్లస్ ఉందా లేదా అన్నదే అక్కడ మొత్తం తేడా.

కొత్త చిప్‌లలోనూ ఇదే తంతు. 7 ప్లస్ జెన్ 2 గట్టి చిప్, 7ఎస్ జెన్ 2 దానికి చాలా కింద. డైమెన్సిటీ 7300 అంకెలో 7200ని దాటింది గానీ గ్రాఫిక్స్ కోర్లు నాలుగు నుంచి రెండుకి తగ్గాయి. అంకె పెద్దదైతే చిప్ పెద్దదని లెక్కేసుకోకూడదు.

కోవూరు_క్లచ్

సరే, 888 వదిలేద్దాం. 8 ప్లస్ జెన్ 1 అయితే నీ 8300 మీద గెలుస్తదా లేదా? వేపర్ ఛాంబరూ పెద్దది ఉంటది, తెరా బాగుంటది.

పెన్నా_గట్టు

చిప్ వరకు రెండూ ఇంచుమించు ఒకే మెట్టు. కాకపోతే వాడిన ఫోన్లో బ్యాటరీ అరిగి ఉంటుంది. అరిగిన బ్యాటరీ లోడ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వేడీ అదే వీపు మీదకే వస్తుంది. బ్యాటరీ మార్పించే ఖర్చు కలుపుకుని చూస్తే నాకు కొత్తదే నయం.

కోవూరు_క్లచ్

బ్యాటరీ కలిపినా నాకు పాతదే నయం. నీ లెక్క నీది.

కావలి_కుర్రోడు

కూలర్ పెట్టుకుంటే ఈ గొడవంతా తీరదా? వెనక అతికించే ఐస్ కూలర్లు అమ్ముతున్నారు గదా. ఇంకోటి, కొన్నాక మా రూములో ఫోన్ నిజంగా వేడికి తగ్గుతోందా అనేది ఎట్టా తెలుస్తది?

పెన్నా_గట్టు

ఆ ప్లేటు బాగా చల్లబడే రకం మన సముద్రపు తేమలో జాగ్రత్తగా వాడాలి. గదిలో గాలి ఉక్కగా ఉన్నప్పుడు ప్లేటు 20 డిగ్రీల కిందకి పోతే చుట్టూ నీటి బొట్లు పడతాయి. బయట పడితే తుడుచుకోవచ్చు, లోపల కూడా పడుతుంది. కెమెరా అద్దం లోపలి వైపు మసకేస్తే అదే గుర్తు, వెంటనే ఆపేయాలి. ఫోన్ వేడెక్కాకే పెట్టు, తక్కువ స్పీడులో పెట్టు. అంతకంటే చవక, కేసు తీసేసి టేబుల్ ఫ్యాన్ గాలి ఫోన్ వీపుకి తగిలేట్టు కూర్చోవడం. ఛార్జింగ్ పెట్టి ఆడొద్దు. బ్యాటరీని పక్కనబెట్టి నేరుగా కరెంటు తీసుకునే బైపాస్ ఛార్జింగ్ ఆ మోడల్లో ఉంటే పర్లేదు.

తెలుసుకోడానికి ఒకటి, ఆడుతుంటే తెర వెలుతురు దానంతట అదే తగ్గడం. రెండోది, కంప్యూటర్ ఉంటే అందులో ఆండ్రాయిడ్ adb టూల్ వేసుకుని, ఫోన్ డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, అరగంట ఆడిన వెంటనే కేబుల్ గుచ్చి ఇది కొట్టు:

```
adb shell dumpsys thermalservice
```

అందులో `Thermal Status` పక్కన 0 ఉంటే ఏ తగ్గింపూ లేదు. 1 అంటే కొంచెం, 2 అంటే మధ్యరకం, 3 వస్తే గట్టిగానే కోస్తోంది. కేబుల్ ముందే గుచ్చి ఆడితే ఛార్జింగ్ వేడి కూడా కలిసి తప్పు చూపిస్తుంది.

సింగరాయకొండ_స్నైపర్

స్టెబిలిటీ లెక్క ఒప్పుకుంటా. 60కి కట్టేయమనడం మాత్రం ఒప్పుకోను. 90 ఆడినోడికి మళ్లీ 60 ఎక్కదు. 8300 కొనేదే అందుకు.

పెన్నా_గట్టు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 90 పెట్టుకోమను, నేనేం కాదనను. మే నెలలో 90 మొదలుపెట్టి 50కి, మళ్లీ 80కి ఊగుతుంటే గురి కుదరదు. కదలని 60 నయం. ఇంకో మాట, 90 ఆప్షన్ చిప్‌ని బట్టే రాదు, గేమ్‌వాళ్లు మోడల్ వారీగా ఇస్తారు. తీసుకునే ముందు ఆ మోడల్ పేరుతో గేమ్ సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ వెతికి చూడు.

సింగరాయకొండ_స్నైపర్

చూద్దాంలే, జూన్‌లో మళ్లీ మాట్లాడదాం. తమ్ముడూ, ఏది కొన్నా టచ్ గురించి ఒకటి విను. మందపాటి టెంపర్డ్ గ్లాస్ వేయించొద్దు, పల్చటిది చాలు. మన ఉక్కకి వేలు చెమటపడితే తెర వేలిని తప్పుగా చదువుద్ది, ఒక చోట నొక్కితే ఇంకోచోట పడుద్ది. దానికి 240 అయినా 2000 అయినా ఒకటే. రెండు జతల ఫింగర్ స్లీవ్స్ తీసుకో, తడిసినవి మార్చుకుంటా ఆడు. గేమ్ మోడ్‌లో టచ్ సెన్సిటివిటీ ఒక్కసారే పైకి లేపొద్దు, చెమట చుక్కని కూడా వేలనుకుంటది.