గులాబ్ తుపాను మళ్లీ లేచాక పేరెందుకు మారింది?

తుపానుల సంగతి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మన సముద్రాల పేర్ల జాబితాలో 13 దేశాలు ఇచ్చిన 169 పేర్లున్నాయి. దేశాల వరుసలో ఒక్కో పేరూ వాడుతూ పోతారు. అట్లాంటిక్‌లోలా ఆరేళ్లకోసారి అదే జాబితా తిరిగి రాదు, ఇక్కడ వాడిన పేరు మళ్లీ వాడరు. గాలి గంటకు 62 కిలోమీటర్లు చేరితేనే పేరు పెడతారు. ఇంతవరకు అర్థమైంది.

నా సందేహం 2021 గురించి. సెప్టెంబర్ 26న పాకిస్తాన్ పేరు పెట్టిన గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తెలంగాణ, మహారాష్ట్ర మీదుగా వెళ్తూ అల్పపీడనంగా బలహీనపడింది. ఆ మిగులే అరేబియా సముద్రంలో బలపడి అక్టోబర్ 1న షహీన్ అయింది. జాబితాలో తర్వాతి పేరు, ఖతార్ ఇచ్చింది. కానీ 2018లో తమిళనాడు దాటి అరేబియా సముద్రంలోకి వెళ్లిన గజ, గజగానే ఉంది!

గజ వాయుగుండం స్థాయిలోనే సముద్రం చేరిందని, గులాబ్ అంతకంటే కిందికి పడిపోయిందని నాకనిపిస్తోంది. గీత నిజంగా అక్కడే గీస్తారా? లేక సముద్రం మారడం కూడా లెక్కలోకి వస్తుందా? బులెటిన్లు చదవడం అలవాటున్నవాళ్లు వివరిస్తే చాలా సాయం చేసినవాళ్లవుతారు.